నైట్ డ్యూటీ చేస్తూ ఓఈటీకి చదవడం ఎలా: ఒక వార్డు సిస్టర్ కథతో సహా

బ్రిటన్‌లో నర్సుగా రిజిస్టర్ కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్, అంటే ఎన్‌ఎంసీ, ఇంగ్లిష్ వచ్చని రుజువు అడుగుతుంది. మన నర్సుల్లో చాలామంది అందుకోసం రాసేది ఓఈటీ. ఇది ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల కోసమే పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష. ఇందులో లిజనింగ్, రీడింగ్, రైటింగ్, స్పీకింగ్ అని నాలుగు భాగాలుంటాయి. ఒక్కో భాగానికి 500 మార్కులు. ఎన్‌ఎంసీకి లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్‌లో 350 చొప్పున, రైటింగ్‌లో 300 రావాలి.

నేనూ నర్సునే. కొన్నాళ్లుగా ఓఈటీ రాయబోయే సిస్టర్లు రైటింగ్ సాధన కోసం రాసే లెటర్లు దిద్దుతున్నాను. "రోజుకి రెండు గంటలు చదవండి" అనే సలహా నైట్ డ్యూటీ వాళ్ల దగ్గర పనిచేయదు. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా వార్డులో ఉన్న మనిషికి రెండు గంటలు ఒకే చోట దొరకవు. దొరికినా ఆ సమయానికి బుర్ర పనిచేయదు. కాబట్టి పరీక్షనే పదేసి నిమిషాల ముక్కలు చేసుకుని, ఏ ముక్క ఏ వేళకి సరిపోతుందో చూసి అక్కడ పెట్టుకోవాలి. గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి మెడికల్ వార్డులో చేసే మా మరదలు ఇలాగే చదివింది. ఆమె అనుభవాన్నే దారిగా పెట్టుకుని చెబుతాను.

మొదటి అడుగు: మీ రాత్రిని గంటల వారీగా చూసుకోండి

పుస్తకం తెరవక ముందు ఒక వారం పాటు మీ డ్యూటీ ఎలా నడుస్తుందో కాగితం మీద పెట్టండి. మరదలి రాత్రి ఇలా ఉండేది. ఎనిమిదికి హ్యాండోవర్, ఆ తర్వాత మందులు, ఇంజెక్షన్లు, కొత్త అడ్మిషన్లు. పదకొండున్నర దాటాక వార్డు కాస్త సద్దుమణుగుతుంది. పన్నెండు, ఒంటిగంట మధ్య వంతులవారీగా బ్రేక్. మూడు నుంచి ఐదు దాకా కళ్లు మూతలు పడే వేళ. ఐదున్నరకి బ్లడ్ శాంపిల్స్, షుగర్ చెక్, ఇన్సులిన్. ఆ తర్వాత చార్టులు రాసుకునే హడావుడి.

ఇందులో చదువుకి పనికొచ్చేది బ్రేకులో ఇరవై నిమిషాలే. తెల్లవారుజామున మూడింటికి ఒళ్లు తన పాటికి తను నిద్రలోకి జారుతుంటుంది. అప్పుడు కొత్తది నేర్చుకోవాలని చూస్తే తలకెక్కదు, పైగా మందులు ఇచ్చే చేతికి ఉండాల్సిన జాగ్రత్త కూడా తగ్గుతుంది. ఆ రెండు గంటలూ చదువు వద్దని మరదలికి గట్టిగా చెప్పాను. డ్యూటీ దిగాక కూడా అంతే. ఇంటికి రాగానే టిఫిన్, స్నానం, నిద్ర. స్కూటీ మీద వస్తూ ఇయర్‌ఫోన్‌లో లిజనింగ్ పెట్టుకోవడం అసలే వద్దు. రాత్రంతా మేలుకున్న మనిషి బండి నడపడమే ప్రమాదం.

అసలైన సమయం నిద్ర లేచాక వస్తుంది. మధ్యాహ్నం మూడింటికి లేచి, టీ తాగి, మళ్లీ డ్యూటీకి తయారయ్యే లోపు ఉండే అరగంట, ముప్పావు గంట. చెవి, బుర్ర రెండూ తాజాగా ఉండేది అప్పుడే. మరదలు ఆ వేళని లిజనింగ్‌కి, స్పీకింగ్‌కి ఉంచుకుంది. రాత్రి బ్రేకులో శబ్దం లేకుండా చేసుకోగలిగిన లెటర్ పని పెట్టుకుంది. వార్డులో ఫోన్ తీయకూడదు కాబట్టి, లెటర్ రాయడానికి పరీక్షలో ఇచ్చేలాంటి పేషెంట్ వివరాలని, అంటే కేస్ నోట్స్‌ని, ప్రింట్ తీయించి నాలుగు మడతలు పెట్టి యూనిఫాం జేబులో వేసుకునేది.

లెటర్‌ని ముక్కలుగా నేర్చుకోవడం

దీని గురించి ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. రైటింగ్‌కి మొత్తం 45 నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు కేస్ నోట్స్ చదవడానికే, అప్పుడు రాయనివ్వరు. మిగిలిన నలభై నిమిషాల్లో సుమారు 180 నుంచి 200 పదాల లెటర్ రాయాలి. నోట్స్‌లో కావాల్సిన దానికంటే చాలా ఎక్కువ సమాచారం కావాలనే పెడతారు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నదే అసలు పరీక్ష. గ్రామర్ బాగా వచ్చిన అమ్మాయిలు కూడా నోట్స్ మొత్తం వాక్యాల్లోకి దించేసి మార్కులు పోగొట్టుకుంటారు.

మరదలు మొదట పంపిన లెటర్ అలాంటిదే. పేషెంట్ వయసు, పాత జబ్బులు, రోజువారీ బీపీ, అన్నీ తేదీల వరుసలో ఉన్నాయి. అందుకున్న మనిషి ఏం చేయాలో చివరి రెండు లైన్లలో తప్ప ఎక్కడా లేదు. "వదినా, అన్నీ రాశాను కదా, ఇంకేం కావాలి?" అంది. అన్నీ రాయడమే ఇబ్బందని చెప్పి, అక్కణ్నుంచి లెటర్‌ని మూడు పనులుగా విడగొట్టాం. మేం చేసిన ఒక కేసునే చూద్దాం. ఇది సాధన కోసం నేను అల్లుకున్నది, నిజం పేషెంట్‌ది కాదు. మీరు కూడా వార్డులోని అసలు పేషెంట్ల వివరాలు ఇంటికి తెచ్చుకోవద్దు.

కేసు ఇదీ. 72 ఏళ్ల ఆవిడ ఇంట్లో జారిపడి కుడి తుంటి ఎముక విరిగింది. మార్చి 3న ఆపరేషన్. రెండో రోజు కొద్దిగా జ్వరం, తగ్గిపోయింది. మూడో రోజు హిమోగ్లోబిన్ తగ్గితే ఒక యూనిట్ రక్తం ఎక్కించారు, తర్వాత పరీక్షలో బాగుంది. వాకర్‌తో నడుస్తోంది. పెన్సిలిన్ పడదు. బీపీకి మందు వాడుతుంది. 1978లో అపెండిక్స్ ఆపరేషన్, కొన్నేళ్ల కిందట రెండు కళ్లకి శుక్లాలు తీశారు. ఒంటరిగా ఉంటుంది, కూతురు వేరే ఊళ్లో. మళ్లీ పడతానని భయం, అందుకే మంచం దిగడానికి వెనకాడుతోంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్ట మీద ఇచ్చే ఇంజెక్షన్ మార్చి 31 వరకు కావాలి, తనంతట తను పొడుచుకోలేదు. గాయం క్లిప్పులు మార్చి 17న తీయాలి. మార్చి 10న డిశ్చార్జ్. లెటర్ వెళ్లేది ఇంటికొచ్చి చూసే కమ్యూనిటీ నర్సుకి.

మొదటి పని ఏరడం. ఒక రాత్రి బ్రేకులో ఇది తప్ప ఇంకేమీ చేయకూడదు, ఒక్క వాక్యం కూడా రాయకూడదు. ప్రతి లైను పక్కనా టిక్కో, ఇంటూనో పెట్టాలి. పెట్టేటప్పుడు ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఈ సంగతి తెలియకపోతే రేపు ఆ ఇంటికి వెళ్లిన నర్సు చేసే పని ఏమైనా మారుతుందా? అపెండిక్స్‌కి ఇంటూ. తగ్గిపోయిన జ్వరానికి ఇంటూ. పెన్సిలిన్‌కి టిక్, ఎందుకంటే గాయం చీము పడితే మొదట కావాల్సిన సంగతి అదే. రక్తం ఎక్కించిన దాని మీద మరదలు నాతో వాదించింది, వాదించాల్సిన చోటే అది. మళ్లీ రక్తపరీక్ష చేయించమని నోట్స్‌లో ఉంటే టిక్. ఇక్కడ లేదు, పైగా తర్వాతి రిపోర్టు బాగుంది, కాబట్టి అందుకున్న నర్సు చేయాల్సిందేమీ లేదు. వదిలేయొచ్చు, లేదా నాలుగు పదాల్లో తేల్చేయొచ్చు. శుక్లాలు ఆపరేషన్ కాకుండా ఉండిపోయి చూపు మసకగా ఉంటే మళ్లీ పడే ప్రమాదం ఉంటుంది, అప్పుడు టిక్. తీసేశారు కాబట్టి ఇంటూ. ఒకే రకం సమాచారం ఒక కేసులో అవసరమై, ఇంకో కేసులో అనవసరం అవుతుందని ఇలా చేస్తేనే పట్టుబడుతుంది.

రెండో పని మొదటి పేరా. మర్నాటి రాత్రి అదే కేసు తీసుకుని మొదటి రెండు వాక్యాలు మాత్రమే రాయాలి. ఓఈటీ దిద్దేవాళ్లు చూసే ఆరు అంశాల్లో మొదటిది 'పర్పస్', అంటే లెటర్ ఎందుకు రాస్తున్నామో వెంటనే తెలియడం. ఇక్కడ ఆ ప్రయోజనం రెండు పనులు: మార్చి 17న క్లిప్పులు తీయడం, 31 వరకు రోజూ ఇంజెక్షన్ ఇవ్వడం. "ఐ యామ్ రైటింగ్ టు రిక్వెస్ట్" అని మొదలుపెట్టి, ఆ వెంటనే ఆ రెండు పనులూ రావాలి. వయసు, జబ్బు పేరు వాటి చుట్టూ సర్దుకుంటాయి. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. ఆ రెండు వాక్యాలని పక్కన డ్యూటీలో ఉన్న సిస్టర్‌కి చూపించి, "నిన్నేం చేయమంటున్నాను?" అని అడగండి. ఆమె తడుముకోకుండా రెండు పనులూ చెబితే ఆ రాత్రి పని అయినట్టే. మరదలు తన చిన్న నోట్‌బుక్‌లో మొదట రాసుకున్న గెలుపు ఇదే: "ఈ రోజు మొదటి పేరాలోనే రెండు పనులూ వచ్చాయి."

మూడో పని ఒక్క పేరా. టిక్ పెట్టిన వాటిని గుంపులు చేయాలి: ఆపరేషన్, ఇప్పటి స్థితి ఒక గుంపు, గాయం, ఇంజెక్షన్ ఇంకొకటి, ఇల్లు, ఒంటరితనం, పడతానన్న భయం మరొకటి. ఒక రాత్రికి ఒక గుంపునే పేరాగా రాయాలి. తేదీల వరుసలో కాకుండా విషయాల వరుసలో రాయడం ఇక్కడే అలవాటవుతుంది. భయం గురించిన పేరాని మనవాళ్లు తరచుగా వదిలేస్తారు. నిజానికి ఆ ఇంటికి వెళ్లే నర్సుకి అది చాలా ముఖ్యం, ఎందుకంటే ఆవిడ మంచం దిగకపోతే ఇంజెక్షన్ ఇచ్చినా కాలిలో రక్తం గడ్డకట్టే ముప్పు పోదు. ఇంకో జాగ్రత్త: మన చార్టుల్లో రాసుకునే పొట్టి అక్షరాలు, 'బీడీ', 'టీడీఎస్' లాంటివి, అలాగే దించకుండా రోజుకి రెండుసార్లు, మూడుసార్లు అని పూర్తిగా రాయండి.

ఈ ముక్కలన్నీ కుదిరాక, సెలవు రోజున కొత్త కేసుతో పూర్తి లెటర్ గడియారం పెట్టుకుని రాయాలి. కాగితం మీద పరీక్ష రాయబోతే పెన్నుతో, కంప్యూటర్ మీదయితే టైప్ చేస్తూ. నైట్ ఉన్న రోజున పూర్తి లెటర్ జోలికి పోవద్దు. అలసిన చేత్తో రాసిన లెటర్ చూసుకుంటే దిగులే తప్ప, ఏం దిద్దుకోవాలో తెలియదు.

లిజనింగ్: మధ్యాహ్నం ఐదు నిమిషాలు

లిజనింగ్‌లో పార్ట్ ఏ నర్సులకి బాగా దగ్గరైనది. రెండు సంభాషణలు, ఒక్కోటి సుమారు ఐదు నిమిషాలు, పేషెంట్ తన బాధ చెబుతుంటే నోట్స్‌లోని ఖాళీలు నింపాలి. రెండూ కలిపి 24 ఖాళీలు. ఆడియో ఒక్కసారే వస్తుంది. మధ్యాహ్నం లేచాక ఒక్క సంభాషణ మాత్రమే తీసుకుని, పరీక్షలోలాగే ఒక్కసారే విని 12 ఖాళీలు నింపాలి. మరదలు ఇక్కడిదాకా బాగానే చేసేది. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి పక్కన పెట్టేసేది. తర్వాతి భాగమే అసలు చదువు.

పోయిన ప్రతి ఖాళీ దగ్గరా ఎందుకు పోయిందో ఒక అక్షరంతో గుర్తు పెట్టాలి. వినపడలేదా, వినపడినా ముందు ఖాళీ రాస్తూ ఉండిపోయారా, లేక పేషెంట్ వేరే మాటల్లో చెబితే గుర్తుపట్టలేదా? వారం రోజుల తర్వాత చూస్తే మరదలి తప్పుల్లో ఎక్కువ భాగం రెండో రకం. ఒక ఖాళీ పోయిందని బాధపడుతూ తర్వాతి రెండు వదిలేస్తోంది. చెవి బాగానే ఉంది, చేయి ఆలస్యం. దానికి మందు వేరు: ఒకటి పోతే పోనిచ్చి, నోట్స్‌లోని తర్వాతి శీర్షిక మీద కన్ను పెట్టి అక్కణ్నుంచి అందుకోవాలి. ఖాళీలు సంభాషణ వరుసలోనే వస్తాయి కాబట్టి ఇది కుదురుతుంది. అప్పటినుంచి ఆమె నోట్‌బుక్‌లో మార్కులు రాయడం మానేసి, "ఒకటి పోయినా తర్వాతిది పట్టుకున్నాను" అని రాసుకునేది. పరీక్షలో నిలబెట్టేది అదే. చివరికి స్క్రిప్టు చూస్తూ ఇంకోసారి వినాలి. మూడో రకం తప్పులు ఆ విడతలోనే తగ్గుతాయి.

స్పీకింగ్: చెప్పే ముందు అడగడం

స్పీకింగ్‌లో రెండు రోల్‌ప్లేలు. ఒక్కోదానికి కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు, మాట్లాడటానికి సుమారు ఐదు నిమిషాలు. ఎదుటి మనిషి పేషెంట్‌గానో, బంధువుగానో నటిస్తారు. మార్కులు వేసేది వాళ్లు కాదు, రికార్డింగ్ విని వేరేవాళ్లు వేస్తారు. ఇంగ్లిష్ ఎంత బాగుందన్నదే కాదు, పేషెంట్ మనసులో ఏముందో కనుక్కున్నారా, చెప్పింది అర్థమైందో లేదో చూశారా అన్నదానికి కూడా మార్కులుంటాయి.

మన వార్డుల్లో మనం తెలుగులో ఇదంతా చేస్తూనే ఉంటాం. ఇంజెక్షన్ వద్దన్న ముసలావిడ మంచం పక్కన కూర్చుని "ఎందుకమ్మా భయం, ఇంతకుముందు ఏమైనా అయిందా?" అని అడుగుతాం. అదే నర్సు ఇంగ్లిష్‌లోకి రాగానే ఇంజెక్షన్ ఉపయోగాలు ఏకరువు పెట్టి, మధ్యమధ్య "డోంట్ వర్రీ" అంటుంది. భయమేమిటో అడగకుండా భయపడొద్దనడం పేషెంట్‌ని వినలేదన్నట్టు వినిపిస్తుంది. మరదలికి పెట్టిన నియమం ఒకటే: కొత్త సంగతి చెప్పే ముందు ఒక ప్రశ్న. తనకి ఇప్పటికే ఏం తెలుసు, దేని గురించి దిగులు, ఇంట్లో ఎవరు చూసుకుంటారు. ఆ తర్వాత ఒక సంగతి చెప్పి, అర్థమైందా అని తేల్చుకుని, తర్వాతిదానికి వెళ్లడం.

సాధనకి ఇంకో మనిషి ఉంటే మంచిది. మా తమ్ముడు అయిష్టమైన పేషెంట్‌గా బాగా కుదిరాడు. ఫోన్‌లో రికార్డు చేసి, ఐదు నిమిషాల్లో తను ఎన్నిచోట్ల అడిగిందో వెతుక్కునేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి మెసేజ్ పెట్టింది: "వదినా, ఈ రోజు డోంట్ వర్రీ ఒక్కసారి కూడా అనలేదు." దాని బదులు ఏమన్నావని అడిగితే, "సూది అంటే భయమా, నొప్పి అంటే భయమా అని అడిగాను, అక్కణ్నుంచి మాట అదే సాగింది" అంది.

ముక్కలతో కాని పని: రీడింగ్

ఈ పద్ధతి అన్నిటికీ చాలదు. రీడింగ్ మొత్తం 60 నిమిషాలు, 42 ప్రశ్నలు. పార్ట్ ఏలో నాలుగు చిన్న పాఠాల్లోంచి 20 జవాబులు 15 నిమిషాల్లో వెతకాలి, తర్వాత ఆ భాగం తీసేసుకుంటారు, వెనక్కి వెళ్లడం ఉండదు. ఈ పార్ట్ ఏ వరకు మధ్యాహ్నాల్లో చేయొచ్చు. జవాబుని పాఠంలో ఉన్న స్పెల్లింగ్‌తోనే ఎత్తి రాయాలి. మిగతా 45 నిమిషాల్లో వచ్చే పొడుగాటి వ్యాసాలకి ఓపిక కావాలి, అది పదేసి నిమిషాల్లో అలవాటు కాదు. వారానికి ఒక సెలవు రోజు, బాగా నిద్రపోయి లేచిన పూట, దీనికి కేటాయించాల్సిందే. మరదలు ఇది వెనక్కి నెడుతూ వచ్చింది. సెలవు రోజున పిల్లాడి బట్టలు, వంట, ఊరెళ్లడం ఉంటాయి కదా అని నేనూ గట్టిగా అనలేదు.

ఇంగ్లిష్‌లో మామూలు వాక్యం రాయడమే కష్టంగా ఉన్నవాళ్లకి కూడా ఈ ముక్కల పద్ధతి ముందే పనికిరాదు. వాళ్లు కొన్ని నెలలు మామూలు ఇంగ్లిష్ మీద కూర్చుని, తర్వాత దీనికి రావాలి.

పరీక్ష వారం

తేదీ బుక్ చేసే ముందే డ్యూటీ చార్టు చూడండి. వరుస నైట్లు చేసి, మర్నాడు పొద్దున్నే సెంటర్‌కి వెళ్తే మీ ఒంటికి అది నిద్రపోయే వేళ. శరీరం లోపలి గడియారం ఒక్క రోజులో తిరగబడదు, మెల్లగా రోజుకి గంట చొప్పున జరుగుతుందనుకోవచ్చు. అందుకే పరీక్షకి ముందు వారం డే డ్యూటీయో, సెలవో ఉండేలా ఇన్‌ఛార్జి సిస్టర్‌ని నెల ముందే అడగాలి. మరదలు అంతకుముందు తనకి వచ్చే రెండు ఆదివారాల సెలవులు ఇంకో సిస్టర్‌కి ఇచ్చి, ఆ వారం డ్యూటీ మార్పించుకుంది. ఆ రోజుల్లో కొత్తగా ఏమీ చదవలేదు. పరీక్ష మొదలయ్యే సమయానికే రోజూ బల్ల ముందు కూర్చుని ఏదో ఒక భాగం చేసింది, అంతే.

ఫలితాల్లో లిజనింగ్ 360, స్పీకింగ్ 370, రైటింగ్ 330. రీడింగ్ 340, పది తక్కువ. 12 నెలల లోపు రాసిన రెండు పరీక్షల మార్కులని కలుపుకోవడానికి ఎన్‌ఎంసీ ఒప్పుకుంటుంది, కానీ రెండోసారి కూడా నాలుగు భాగాలూ రాయాలి, ఎక్కడా మరీ తగ్గకూడదు. ఆ కనీస మార్కులు ఎన్‌ఎంసీ సైట్‌లో చూసుకున్నాకే రెండో తేదీ బుక్ చేయండి. మరదలు అలాగే చేసింది. ఇప్పుడు బ్రేకులో లెటర్ ముక్కలు వారానికి రెండు రాత్రులకి తగ్గించింది, చేయి ఆరిపోకుండా ఉండేందుకు. సెలవు రోజు పొద్దున తొమ్మిదికి పిల్లాణ్ని మా తమ్ముడికి అప్పగించి, తలుపేసుకుని, గంటసేపు రీడింగ్ పేపర్ మొత్తం చేస్తోంది.